చివరి జీతానికీ మొదటి పెన్షన్‌కీ మధ్య

మున్సిపాలిటీ చెత్తబండి వెనక నడిచే మన అమ్మలకు ఏ కాంట్రాక్టరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈపీఎస్ పెన్షన్ కోసం పని మానేయాల్సిన అవసరం లేదు. 58 ఏళ్లు నిండి, పదేళ్ల సర్వీసు ఉంటే పనిలో ఉండగానే ఫారం 10డి పెట్టుకోవచ్చు. మనం మాత్రం "రేపట్నుంచి రావద్దు" అన్నాకే కాగితాలు వెతుక్కుంటాం. ఆ వెతుకులాటలోనే నెలలు పోతాయి.

ఒక లెక్క చూద్దాం. 2014 సెప్టెంబరు తర్వాత పనిలో చేరిన మనిషి. ఒక కాంట్రాక్టరు కింద ఐదేళ్లు, ఇంకొకరి కింద ఆరేళ్లు చేసింది. అదే వీధి, అదే చీపురు. కానీ రెండో కాంట్రాక్టరు పాత నంబరు అడక్కుండా కొత్త యూఏఎన్ తీశాడు. కాగితం మీద ఆమె ఇద్దరు మనుషులు. ఇద్దరికీ పదేళ్లు లేవు. పెన్షన్ లేదు!

పాత ఖాతాను కొత్తదానిలోకి బదిలీ చేయిస్తే పదకొండేళ్లు అవుతాయి. చివరి ఐదేళ్ల సగటు జీతం 12,000 అనుకుంటే, దాన్ని 11తో గుణించి 70తో భాగించాలి. నెలకు సుమారు 1,886 రూపాయలు. ఇక్కడే మధ్యవర్తి వచ్చి "పదేళ్లు లేవుగా, 10సి పెట్టి పెన్షన్ డబ్బు తీసేసుకో" అంటాడు. తీసుకుంటే ఆ సర్వీసు పోయినట్టే. అందుకే ముందు ఖాతాలు కలపాలి, తర్వాత 10డి పెట్టాలి. పని మానేశాక ఇల్లు గడవడానికి పీఎఫ్ డబ్బు ఉంది. 55 దాటి రిటైరైన వాళ్లు ఫారం 19తో దాన్ని వెంటనే అడగొచ్చు. ఐదేళ్లు నిండిన గ్రాట్యుటీని యజమాని 30 రోజుల్లో ఇవ్వాలి.

ఇవేవీ అందకపోతే మిగిలేది వడ్డీ వ్యాపారే. నెలకు పదివేల చొప్పున నాలుగు నెలలు నూటికి ఐదు వడ్డీకి తెస్తే, నాలుగో నెలాఖరుకు వడ్డీయే ఐదు వేలు. అంటే రెండున్నర నెలల పెన్షన్‌కు పైనే.

చట్టం చల్లగానే మాట్లాడుతుంది. 20 రోజుల్లో పెన్షన్ తేల్చాలి, సరైన కారణం లేకుండా ఆలస్యమైతే 12 శాతం వడ్డీ వేసి కమిషనర్ జీతంలోంచి కోయొచ్చు అని ఈపీఎస్ పథకంలోని 17ఎ పేరా చెబుతుంది. కానీ ఆ 20 రోజులు "అన్నీ సరిగా ఉన్న" దరఖాస్తు అందినప్పటి నుంచే. ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఒక పేరు ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. అప్పుడది ఆలస్యం లెక్కలోకే రాదు. పేరు తప్పు రాసింది కాంట్రాక్టరు ఆఫీసు, పస్తులుండేది చదువురాని మన అమ్మ.

కాబట్టి సంఘాలు ధర్నా డిమాండ్లలో ఇదొకటి చేర్చాలి. 57 నిండిన ప్రతి కార్మికురాలి పేరు, పుట్టిన తేదీ, యూఏఎన్‌లు, సర్వీసు మున్సిపాలిటీయే సరిచూసి సరిచేయించాలి. పని చేయించుకున్నది అదే, కాంట్రాక్టరును తెచ్చిందీ అదే. ఈ ఆదివారం విద్యార్థి మిత్రులు ఫోన్లు పట్టుకుని వాడలకు వెళ్లండి. ఒక్కొక్కరి పాస్‌బుక్ తెరిచి, ఎన్ని ఖాతాలున్నాయో లెక్కపెట్టండి.