అప్పుల్లో ఉన్నోడికి కావాల్సింది పెద్ద లాభం కాదు, రోజూ చేతికొచ్చే డబ్బు



మిర్చి, పత్తి వేసి రెండేళ్లు దెబ్బతిన్న రైతు ఎవరైనా ఫోను తెరిస్తే చాలు, వ్యాపారం పాఠాలే కనిపిస్తాయి. డెయిరీ పెట్టు, నాటుకోళ్లు పెంచు, మేకల షెడ్డు వెయ్యి, పుట్టగొడుగులు పెంచు అంటారు. ఇవేవీ చెడ్డ పనులు కావు. కానీ చెప్పేవాళ్లు ఒక్క సంగతి ఆలోచించరు. నెత్తిన ఆరు లక్షల అప్పున్నోడికి కొత్తగా లక్ష ఎవడిస్తాడు? ఇచ్చినా నూటికి మూడు రూపాయల వడ్డీకిస్తాడు. గేదె ఈని పాలిచ్చేలోపు, మేకపిల్ల అమ్ముడయ్యేలోపు ఆ వడ్డీయే మనల్ని తినేస్తది.

నా లెక్క ఇది. అప్పుల్లో ఉన్నోడు ఏ పని ఎత్తుకున్నా రెండే ప్రశ్నలు వేసుకోవాలి. పెట్టిన రూపాయి ఎన్ని రోజులకు తిరిగొస్తది? ఆ పని పోతే నేను పోగొట్టుకునేది ఎంత? రూపాయి నెలలోపు తిరిగి రావాలి. పోయినా ఒక వారం కూలి డబ్బులకు మించి పోకూడదు. మన చేతిలో ఉన్న పనుల్లో ఈ రెండిటికీ నిలబడేది నాకు తెలిసి ఆకుకూరలే. అదీ ఎకరాల్లో కాదు, 20 సెంట్లలో. అదీ షావుకారికి కాదు, మన చేత్తో మనమే అమ్మితేనే.

ముందు నీళ్ల సంగతి చెప్తా. 20 సెంట్లకు ఎండల్లో రోజుకు నాలుగైదు వేల లీటర్లు చాలు. సన్నధార బోరున్నా సరిపోతది. ఆ నీళ్లు కూడా లేకపోతే ఈ పని మొదలు పెట్టొద్దు. కౌలు రైతైతే పొలం యజమానినడిగి బోరు పక్కన ఉన్న 20 సెంట్లే తీసుకోవాలి.

ఇక అసలు కిటుకు విత్తే పద్ధతిలో ఉంది. చాలామంది 20 సెంట్లూ ఒక్కరోజే చల్లేస్తారు. అంతా ఒకేసారి కోతకొస్తది. అంత కూర ఒక్క మనిషి అమ్ముకోలేడు. షావుకారు కట్ట రెండు మూడు రూపాయలకు అడుగుతాడు, ఇచ్చేస్తాం. తర్వాత నెలంతా చేతిలో రూపాయి ఉండదు. అది మళ్లీ పత్తి పంట లాంటిదే, కాస్త చిన్నది, అంతే తేడా.

అట్లా కాకుండా ఆ 20 సెంట్లను 15 మళ్లు చెయ్యాలి. రెండు రోజులకొక మడి విత్తాలి. నెల తిరిగేసరికి 15 మళ్లూ నిండుతాయి, మొదటి మడి కోతకొస్తది. ఒక మడిని రెండు రోజుల్లో పీకి, ఖాళీ అయిన వెంటనే దున్ని ఎరువేసి మళ్లీ విత్తాలి. ఇట్లా చేస్తే ఏ రోజైనా కోతకు సరిపడా కూర మాత్రమే ఉంటది.

సగం మళ్లు తోటకూర వేసుకోండి. 25 నుంచి 30 రోజుల్లో వస్తది. విత్తనం నలుసంత ఉంటది కాబట్టి మడికి 30, 40 గ్రాములు తీసుకుని ఐదారింతల ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే ఒకచోట కుప్పగా, ఒకచోట బోసిగా మొలుస్తది. మూడు నాలుగు మళ్లు పాలకూర వెయ్యండి. నెలకు మొదటి కోత, తర్వాత పది పదిహేను రోజులకొకసారి చొప్పున ఇంకో మూడు కోతలు వస్తాయి, కాబట్టి ఆ మళ్లకు మళ్లీ విత్తనం ఖర్చుండదు. మిగిలినవాటిలో మెంతికూర, గోంగూర, కొత్తిమీర. మెంతులు, ధనియాలు కిరాణా కొట్టులో కొన్నవైనా మొలుస్తాయి. ధనియాలను మాత్రం చెప్పు కిందో, రాయితోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వెయ్యాలి. కొత్తిమీరకు 40 రోజులపైనే పడుతుంది, మండుటెండల్లో సరిగ్గా రాదు. మొదటి నెలలో దాన్ని నమ్ముకోవద్దు. తొందరగా చేతికొచ్చేది మెంతి, 22, 23 రోజులకే పీకొచ్చు. అందుకే మొదటి రెండు మళ్లు మెంతి వేస్తే డబ్బు కాస్త ముందే కనిపిస్తది.

మొదటి నెల విత్తనాలకు వెయ్యి రూపాయల లోపే అవుతుంది. దానికోసం చెయ్యి చాపొద్దు. రెండు మూడు రోజుల కూలితో వస్తది. మొదటి కోత వచ్చేదాకా ఇంట్లో ఒకరు కూలికి పోవాల్సిందే, ఆ 25 రోజులు ఇంకో దారి లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఇక్కడ ధరలు మీ ఊరిని బట్టి మార్చుకోండి. బాగా వచ్చిన మడిలో రోజుకు 20 కిలోల దాకా కూర వస్తది, పావుకిలో కట్టలు కడితే 80 కట్టలు. అన్నీ అమ్ముడుపోవు. 65 పోయాయనుకోండి. కట్ట 10 రూపాయలని మొదలుపెట్టినా ఎండెక్కే కొద్దీ మూడు ఇరవైకి ఇస్తాం, కాబట్టి సగటు 8 రూపాయలే వేసుకోండి. రోజుకు 520. నెలలో 26 రోజులు అమ్మితే 13,520. విత్తనాలు, పెట్రోలు, సంత ఆసీలు, గోనెలు, అన్నీ కలిపి 3,500 తీసెయ్యండి. పది వేలు మిగులుతుంది. ఇది ఇద్దరి కష్టం. సాయంత్రం పీకి కడిగి కట్టలు కట్టడానికి రెండు మూడు గంటలు, పొద్దున అమ్మడానికి మూడు గంటలు. తడి గోనె కప్పకపోతే ఎనిమిదింటికే వాడిపోతాయి.

ఆరు లక్షల అప్పుకు పది వేలు ఏ మూలకని మీరడగొచ్చు. నిజమే, తీరదు. తీరుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. కానీ ఈ ఆరు లక్షలు విడదీసి చూడండి. అందులో మూడు లక్షలు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి అనుకుందాం. వాటి వడ్డీయే నెలకు 9,000. మనం కట్టక అది అసలులో కలిసి, ఏడాది తిరిగేసరికి నోటు తిరగరాసినప్పుడు మూడు లక్షలు నాలుగు లక్షలు దాటుతున్నాయి. పంట పోయినందుకు కొంత మునుగుతున్నాం గానీ, నెలనెలా చేతిలో రూపాయి లేనందుకే ఎక్కువ మునుగుతున్నాం. ఆ పది వేలు అప్పును తీర్చవు, పెరగకుండా ఆపుతాయి. అసలు తీర్చాల్సింది పంట డబ్బులతోనే. ఇప్పుడు పంట డబ్బంతా వడ్డీకే పోతోంది కదా, అప్పుడు అది అసలుకు పోతది.

ఇంకొకటి ఉంది. వరుసగా మూడు నెలలు తారీఖుకు వడ్డీ కట్టినోడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మూడు రూపాయల్ని రెండు చెయ్యమని అడగగలడు. మొహం చాటేసి తిరిగేవాడు అడగలేడు. ఒక్క రూపాయి తగ్గితే మూడు లక్షల మీద నెలకు 3,000 మిగిలినట్టే. బ్యాంకు పంటరుణం గురించి కంగారుపడి ఈ డబ్బు అక్కడ ముందే కట్టెయ్యొద్దు. మూడు లక్షల లోపు పంటరుణం గడువులో తిరిగి కడితే ఏడాదికి నూటికి 4 రూపాయలే పడుతుంది. ఊళ్లో అప్పుకు ఏడాదికి 36. ఆరేది ముందు పెద్ద మంటే కావాలి. బ్యాంకు గడువు మాత్రం దాటనియ్యొద్దు.

ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది అరువు. హోటలాయన, కూరగాయల కొట్టాయన వారానికొకసారి ఇస్తామంటారు. మూడో వారం సగం ఇస్తారు. మనం అప్పు పుట్టక ఈ పనికి వచ్చాం, మనమే ఎదుటివాడికి అప్పివ్వడమేంది? కట్ట ఇస్తే రూపాయి తీసుకోవాలి. రెండోది వాన. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లు జానెడు ఎత్తు చెయ్యకపోతే నీళ్లు నిలిచి మొలకలు మొదలు దగ్గరే కుళ్లి పడిపోతాయి. తోటకూర ఆకు అడుగున తెల్లపొక్కులు కనిపిస్తే అది తెల్లతుప్పు. ఆ ఆకులు పీకి దూరంగా పారెయ్యండి, సాయంత్రం పూట ఆకు తడిసేట్టు నీళ్లు కొట్టొద్దు. అయితే వానల్లోనే ధర కూడా ఎక్కువ, నిలబెట్టుకున్నోడికి కట్ట 15 కూడా వస్తది. మూడోది మందు. పత్తికి కొట్టే మందు పురుగు కనపడగానే కొట్టేసి మూడో రోజు పీకి అమ్మితే, అది తినేది మన వాడకట్టు పిల్లలే. 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానేసి వడకట్టి కొట్టండి. దానికీ లొంగకపోతే ఆ మడి దున్నెయ్యండి, పోయేది ఒక మడే.

లెక్క చెడిందని ముందే తెలుసుకునే గుర్తు ఒకటుంది. రోజూ ఎన్ని కట్టలు తీసుకుపోయాం, ఎన్ని తిరిగొచ్చాయి, ఎంత డబ్బొచ్చింది అని పుస్తకంలో రాయండి. వారం రోజులు వరుసగా నాలుగో వంతు కంటే ఎక్కువ తిరిగొస్తుంటే రేపటి మడి విత్తొద్దు, లేదా అమ్మే వీధి మార్చండి. పక్క ఊరికి మంగళవారం సంతుంటే అక్కడ, పట్నం దగ్గరైతే రైతుబజారులో. రైతుబజారులో కూర్చోవాలంటే రైతుగా గుర్తింపు కార్డు కావాలి, దానికి ముందే అర్జీ పెట్టుకోండి.

చివరగా పరువు మాట. పదెకరాల రైతు కొడుకు బండి మీద ఆకుకూర అమ్ముతున్నాడని నవ్వుతారని మగాళ్లకు నామోషీ. నవ్వే మనిషి మన వడ్డీ కడతాడా? నోటు తిరగరాయించుకోడానికి తల వంచుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు పోని పరువు, కొత్తిమీర కట్ట అమ్మితే పోతదా? ఈ పనిలో సగం ఇంటి ఆడమనిషి చేతిలో ఉంటది. కాబట్టి ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నామో ఆమె దగ్గర దాచకుండా ముందు ఒక కాగితం మీద రాసి చూపించండి. చాలా ఇళ్లలో ఆ కాగితం లేకే మగాడు ఒంటరిగా కుమిలిపోతున్నాడు. ఆ కాగితం రాసిన మర్నాడు మొదటి మడి దున్నండి. రెండు రోజులాగి రెండోది.