తెల్లవారితే శనివారం

లగ్నపత్రికకు నాలుగు మూలలా పసుపు పూస్తారు. ఆ తడి ఆరకముందే ఇంట్లో ఎవరో ఒకరు ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ‘అన్నా, తప్పులుంటే చూసి పంపు, మధ్యాహ్నం అచ్చుకు ఇయ్యాల’ అని కింద ఒక మాట. పసుపు ఏ మూలన ఎక్కువ అంటిందో సరిగ్గా అక్కడే ముహూర్తం గంట రాసి ఉంటుంది. అంకె నాలుగా, తొమ్మిదా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పెండ్లికార్డుకు రాతప్రతి అంటే చాలాసార్లు ఇంతే. అయ్యవారు రాసిన నాలుగు వరుసలు, వాటి కింద ఇంటి పెద్ద చేర్చిన పేర్లు, ఊర్లు. అచ్చాఫీసులో దాన్ని మళ్లీ మొదటినుంచి కొడతారు. కార్డులు చేసేవాళ్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసేవాళ్లు ఎక్కువ. అవి యూనికోడ్ కావు కాబట్టి, ఫోనులో టైపు చేసి పంపినా అక్కడ అతికించడానికి కుదరదు. అందుకే దిద్దేవాడు రాసిన చేతి తప్పులను, కొట్టిన చేతి తప్పులను విడివిడిగా పట్టాలి.

అక్షరదోషాలను పట్టడం సులువు. సుముహూర్తంలో ‘హూ’కు దీర్ఘం పోతుంది. వధూవరులు ‘వధువరులు’ అవుతారు. జ్యేష్ఠ పుత్రుడికి, కనిష్ఠ పుత్రికకు ఠ వత్తు పోయి ట వత్తు వస్తుంది. ఆశీర్వదించమని పిలిచేచోట ‘శీ’ కురచవుతుంది. మృగశిర ‘మ్రుగశిర’ అవుతుంది. మాఘమాసం, మఖ నక్షత్రం ఒకే కాగితంలో కలిస్తే ఘ, ఖ తారుమారవుతాయి. చేతిరాతలో ధ కింది గీత ఫొటోలో చెరిగి ‘దర్మవరం’ మిగులుతుంది. ఇవి ఏళ్లుగా అవే చోట్ల, అవే మాటల్లో వస్తుంటాయి. కన్ను అలవాటుపడితే ఐదు నిమిషాల పని.

కష్టమంతా తారీఖులోనే. అందులోనూ అన్నీ ఒకే తీరులో పెడదామనుకుని దిద్దినప్పుడే అసలు తప్పు దొర్లుతుంది. ఒక పత్రిక వరుసగా చూద్దాం. 2025 మాఘమాసంలోది, పేర్లు తీసేస్తున్నాను. అయ్యవారి రాత ఇలా ఉంది:

‘స్వస్తిశ్రీ చాంద్రమాన క్రోధి నామ సంవత్సర మాఘ శు. ఏకాదశి శుక్రవారం అనగా తేది 7-2-2025 రాత్రి (తెల్లవారితే శనివారం) గం. 4-10 ని.లకు మృగశిర నక్షత్రయుక్త ధనుర్లగ్నమందు...’

కొట్టిన ప్రతిలో అది ‘మాఘ శుద్ధ దశమి శుక్రవారం తేది 08/02/2025 ఉ. 4.10 గంటలకు’ అయింది. కింద విందు వరుసలో ‘7-2-25న 7 PM నుండి’ అని ఉంది. కొట్టిన కుర్రాడిది నిర్లక్ష్యం కాదు. బాగా ఆలోచించే మార్చాడు. ఆ ఆలోచనే కొంప ముంచింది.

మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది. ఇంగ్లీషు తారీఖు అర్ధరాత్రి పన్నెండుకే మారుతుంది. ఈ రెంటి నడుమ, అర్ధరాత్రికీ పొద్దుపొడుపుకీ మధ్య పడిన ముహూర్తానికి రెండు వారాలు. అయ్యవారి లెక్కలో అది ఇంకా శుక్రవారం రాత్రే. గోడమీది క్యాలెండర్‌లో అప్పటికే 8వ తేదీ శనివారం. అందుకే ఆయన ‘తెల్లవారితే శనివారం’ అని బ్రాకెట్‌లో రాశారు. ఆ మాట ఎత్తేసి, తేదీ మాత్రం 8కి మార్చి, వారం శుక్రవారమే ఉంచితే ఆ కార్డు ఎవరికీ అర్థం కాదు. వారం నమ్మినవాళ్లు శుక్రవారం తెల్లవారుజామునే దిగి కల్యాణమండపం తాళం చూస్తారు. తేదీ నమ్మినవాళ్లు 8న నాలుగింటికి సరిగ్గానే వస్తారు. ‘8వ తేదీ, ఉదయం’ అని పైపైన చూసినవాళ్లు శనివారం టిఫిన్ వేళకు చేరతారు. అప్పటికి తలంబ్రాలు కూడా ఊడ్చేసి ఉంటారు.

ఇక ఏకాదశిని దశమి ఎందుకు చేశాడు? క్యాలెండర్‌లో 7వ తేదీ గడి చూశాడు. అక్కడ దశమి అనే ఉంటుంది, రోహిణి అని ఉంటుంది. సూర్యోదయానికి ఉన్న తిథిని, నక్షత్రాన్ని ముందు అచ్చువేసి అవి ఎప్పటిదాకా ఉంటాయో పక్కన చిన్న అక్షరాల్లో ఇస్తారు. ఆ రోజు సాయంత్రమే రోహిణి పోయి మృగశిర వచ్చింది. రాత్రి దశమి వెళ్లి ఏకాదశి వచ్చింది. నాలుగు గంటల పదికి అయ్యవారు రాసినవే సరి. చిన్న అక్షరాలు చదవకుండా తిథిని దిద్దకూడదు. చదివాక కూడా దిద్దకూడదు, ఆయనకు ఫోన్ చేసి అడగాలి. పంచాంగానికీ పంచాంగానికీ గణితంలో తేడాలుంటాయి. ఆ ఇంటివాళ్లు నమ్మే పంచాంగం మన గోడమీద ఉండకపోవచ్చు.

పసుపు కింది అంకె సంగతికి వద్దాం. నాలుగా, తొమ్మిదా అన్నది లగ్నం చెబుతుంది. దీనికి జాతకాలు చదవక్కర్లేదు. సూర్యుడు ఏ రాశిలో ఉంటే పొద్దుపొడిచేటప్పుడు ఆ లగ్నమే నడుస్తుంది. రోజుకు పన్నెండు లగ్నాలు, ఒక్కోటి ఇంచుమించు రెండు గంటలు. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా సూర్యుడు మకరంలో ఉంటాడు. కాబట్టి ఆ రోజు ఆరూ ముప్పావు ప్రాంతంలో పొద్దు పొడిచేవేళ మకర లగ్నం. దాని ముందుది ధనుస్సు, అంటే తెల్లవారుజామున మూడు దాటిన దగ్గరనుంచి ఐదుంపావు ప్రాంతం దాకా. 4-10 అందులో చక్కగా పడుతుంది. అంకె తొమ్మిదే అయితే పొద్దున తొమ్మిదింటికి మీనం, రాత్రి తొమ్మిదింటికి కన్య వస్తాయి తప్ప ధనుస్సు రాదు. సాయంత్రం నాలుగు కూడా కాదు, అప్పుడు నడిచేది మిథునం. ‘రాత్రి’ అన్న మాట ఫొటోలో అంచున తెగిపోయినా లగ్నం పేరు ఉంటే పూట తెలిసిపోతుంది. ఇది సందేహం పట్టడానికే. ముహూర్తం తేల్చడం మన పని కాదు.

సంవత్సరం పేరు చూడటం కూడా మరవకూడదు. అది జనవరి 1న మారదు, ఉగాదికి మారుతుంది. 2025 ఫిబ్రవరి పెండ్లికి క్రోధి సరే. అదే ఏడు ఏప్రిల్ పెండ్లికైతే విశ్వావసు. పాత కార్డు ఫైలు తెరిచి అందులోనే కొత్తది కొట్టే చోట శోభకృత్ అలాగే మిగిలిపోతుంది. ఆ పాత ఫైళ్లతోనే ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది శ్రీ సత్యసాయి జిల్లా, కేంద్రం పుట్టపర్తి. అయినా కార్డుల అడుగున ‘అనంతపురం జిల్లా’ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

తేదీ, సమయం ఎలా రాయాలి? అడ్డగీతా, చుక్కా, వాలుగీతా అన్నది మీ ఇష్టం. కార్డు మొత్తం ఒకటే ఉండాలి, అంతే. నెల మాత్రం అక్షరాల్లో రాయమంటాను. ఇది అమెరికా చుట్టాల కోసం. 07/02/2025 అని పంపితే డల్లాస్‌లో ఉన్న మేనమామ దాన్ని జులై 2గా చదువుతాడు, అక్కడ నెల ముందు, తేదీ వెనక కాబట్టి. విమానం టికెట్ల వ్యవహారం మరి. పూట కూడా తెలుగులోనే పూర్తిగా రాయాలి. ‘ఉ.’ అని కుదిస్తే తెల్లవారుజామూ ఉదయమూ కలిసిపోతాయి. పై కార్డు చివరికి ఇలా వెళ్లింది:

‘మాఘ శుద్ధ ఏకాదశి, శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం అనగా, తెల్లవారుజామున గం. 4-10 ని.లకు (2025 ఫిబ్రవరి 8)’

దీనికి పైన: ‘విందు: 2025 ఫిబ్రవరి 7 శుక్రవారం రాత్రి గం. 7-00ల నుండి’. ముహూర్తానికి ముందురోజు రాత్రే రిసెప్షన్ పెట్టడం మనవైపు మామూలే. అయినా బయటి చుట్టాలకు తెలియదు, పెండ్లి కానిదే విందేమిటని తేదీ తప్పనుకుంటారు. అందుకని విందు వరుసను ముహూర్తానికి పైన పెట్టించాను. అయ్యవారి మాట చెడలేదు, క్యాలెండర్ చూసుకునేవాడికీ అనుమానం లేదు.

పేర్ల దగ్గర నాది వేరే పద్ధతి. అక్కడ నిఘంటువు మూసేయాలి. అశ్వత్థం అంటే రావిచెట్టు, సంస్కృతం ప్రకారం అశ్వత్థనారాయణ సరి. మన జిల్లాలో మాత్రం ‘అశ్వర్థ’ అని పేరున్నవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. ఆధార్‌లో అదే, ఇంటి గేటు మీదా అదే. దిద్దితే ఆయన పేరు కాకుండా పోతుంది. కన్నడ సరిహద్దు పేర్లూ అంతే, మంజునాథ అని అజంతంగా రాసుకునే ఇంట్లో ‘మంజునాథ్’ అని పొల్లు తగిలించకూడదు. రాసినవాళ్లు ‘పెండ్లి’ అంటే ‘పెళ్లి’ చేయనక్కర్లేదు, అది ఈ నేల మాట. ఊరు మాత్రం వదలకూడదు. పెనుకొండ మనది, పెనుగొండ గోదావరి జిల్లాల్లో వాసవీమాత ఊరు. వైశ్యుల కార్డుల్లో రెండూ ఒకే పేజీలో రావచ్చు, పైన అమ్మవారి పేరుతో ఒకటి, కింద పెండ్లివారి చిరునామాలో ఇంకొకటి. అన్నీ ఒకే తీరుగా మార్చే మీట నొక్కితే పెండ్లివారి ఇల్లు కాస్తా గోదావరి ఒడ్డుకు పోతుంది.

ఫొటో పంపేవాళ్లకు ఒక మనవి. కాగితాన్ని పగటి వెలుగులో బల్లమీద పరిచి, మీ నీడ పడకుండా, నిలువుగా పైనుంచి తీయండి. నాలుగు అంచులూ కనిపించాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ముహూర్తం వరుసను దగ్గరనుంచి ఇంకో ఫొటో తీయండి. వీలైతే పసుపు పూయకముందే తీయండి.

ఆఖరి ప్రతిని ఒక్కరే కూర్చుని చూడకూడదు. ఒకరు చేతిరాతను పైకి చదవాలి, ఇంకొకరు కొట్టిన ప్రతిలో వేలు పెట్టి అనుసరించాలి. ముహూర్తం వరుస వచ్చినప్పుడు ఫోను స్పీకర్లో పెట్టి అయ్యవారికే వినిపించాలి. ఆ మాఘమాసం కార్డుకు అదే చేశాం. ఆయన అంతా విని, ‘తేదీ సరే, మరి పెండ్లికొడుకు గోత్రం ఏది?’ అన్నారు. అది రాతప్రతిలోనే లేదు.

— చిత్రావతి