తొందరపడేవాడే డబ్బున్నవాడా?

హైదరాబాదులో పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో టిక్కెట్టు పెంచడం గురించి మనలో ఒకరు రాశారు: "ఆత్రం ఉన్నవాడు ఎక్కువ ఇస్తాడు, ఓపిక ఉన్నవాడు తక్కువకి చూస్తాడు, ఇందులో దోపిడీ ఏముంది?" ఈ మాట మేము ఒప్పుకోము.

2024 డిసెంబరులో పుష్ప 2కి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన అనుమతే చూడండి. 4వ తేదీ రాత్రి ఆటకు టిక్కెట్టు మీద అదనంగా 800 రూపాయలు. మామూలు థియేటర్లో 5 నుంచి 8 వరకు 150, 9 నుంచి 16 వరకు 105, 17 నుంచి 23 వరకు 20. నలుగురున్న ఇంటికి మొదటి రాత్రి అదనపు భారమే 3,200. రెండు వారాలు ఆగితే 80. సినిమా అదే, కుర్చీ అదే.

ధర తగ్గే తేదీలు ముందే తెలిస్తే అందరూ ఆగాలి కదా? ఫోన్లు కొనేవాళ్లు అలాగే ఆగుతారు, అందుకే కంపెనీలు తగ్గింపు సంగతి ముందు చెప్పవు. సినిమాకి ఆ భయం లేదు. ఆగినవాడికి కథంతా ముందే చెవిన పడిపోతుంది, మొదటి రోజు ఈలలూ కాగితాలూ పదిహేడో రోజున ఉండవు. కాబట్టి తేదీలు బయటపెట్టినా బేరం చెడదు.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆత్రం ఉన్నవాడు డబ్బున్నవాడే అయితేనే వాళ్ల న్యాయం నిలుస్తుంది. మా రైల్వేలో తత్కాల్ వేరు, అక్కడ చివర్లో వచ్చినవాడు ఎక్కువ ఇస్తాడు, వాడికి చాలాసార్లు ఏదో అవసరం ఉంటుంది. సినిమాలో మొదట వచ్చినవాడు ఇస్తాడు. వాడెవడు? మన వీధుల్లో కటౌటుకు పాలు పోసే కుర్రాళ్లను చూడండి, దినకూలీకి పోయేవాళ్లే ఎక్కువ. కారున్న పెద్దమనిషి ఓటీటీలో చూద్దాంలే అని ఇంట్లో కూర్చుంటాడు. ఈ జల్లెడ పట్టేది ఆశని, ఆస్తిని కాదు.

ఇక ఓపిక పట్టినవాడికి దక్కేదేమిటి? మొదటి వారం ఊళ్లో హాళ్లన్నీ ఒకే సినిమావి. మూడో వారానికి ఆటలు తగ్గిపోతాయి, మిగిలినవి వేళకాని వేళల్లో. ఆడకపోతే అసలు తీసేస్తారు. చౌక టిక్కెట్టు కాగితం మీద ఉంటుంది, హాల్లో ఉండదు. ఖాళీ కుర్చీకి నిర్మాతకు అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు కదా, మరి చివరి వారంలో ఆటలు ఉంచడానికి ఏం బాధ?

పెంచవద్దని మేము అనడం లేదు. ఏ తేదీకి ఎంత తగ్గిస్తారో రాసినట్టే, ఆ తేదీన ఎన్ని ఆటలు, ఏ వేళకు ఉంచుతారో కూడా అదే అనుమతిలో రాయించాలి. అది రాయించలేని ప్రభుత్వం ఆ 800కి సంతకం పెట్టకూడదు.