మూసిన ఖాతా పేరు మరొకరి చేతికి: కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ



2021 ఫిబ్రవరిలో మంత్రిత్వ శాఖ ప్రకటించిన సమాచార సాంకేతిక నిబంధనల ప్రకారం, సామాజిక మాధ్యమ సంస్థలు ఒక వినియోగదారు ఖాతా రద్దు చేసుకున్న తర్వాత కూడా అతని నమోదు వివరాలను 180 రోజుల పాటు భద్రపరచవలసి ఉంది. నేరం జరిగితే దర్యాప్తుకు ఆధారం దొరకాలన్నది ఈ నియమం ఉద్దేశం కావచ్చు. అయితే అదే ఖాతాకు గుర్తుగా నిలిచిన పేరును, అంటే @ గుర్తు తర్వాత వచ్చే హ్యాండిల్‌ను, ఎంతకాలం ఎవరికీ ఇవ్వకుండా ఉంచాలో ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. వివరాలు భద్రంగా ఉండగానే పేరు మాత్రం పరుల చేతికి పోగల ఈ లోపాన్ని సరిదిద్దవలసిందిగా పూతలపట్టు నుంచి ఈ లేఖ కోరుతోంది.

ముందుగా హ్యాండిల్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. ప్రతి ఖాతాకూ సంస్థ లోపల ఒక స్థిరమైన అంకె ఉంటుంది. అనుచరులు, పాత పోస్టులు, సందేశాలు అన్నీ ఆ అంకెకే ముడిపడి ఉంటాయి. హ్యాండిల్ ఆ అంకె మీద అతికించిన చీటీ వంటిది మాత్రమే కనుక, దాన్ని ఊడదీసి మరో ఖాతాకు అతికించడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. కానీ చూసే జనానికి అంకె కనిపించదు, చీటీయే కనిపిస్తుంది. కరపత్రం మీదా, దుకాణం బోర్డు మీదా, ఇతరులు గతంలో రాసిన పోస్టుల్లోనూ ఉండేది ఆ పేరే కాబట్టి, పేరు చేతులు మారిన రోజు నుంచి ఆ పాత ఆనవాళ్లన్నీ కొత్త మనిషి వైపే దారి చూపిస్తాయి.

ఈ రెండింటి తేడా దేశానికి ప్రత్యక్షంగా తెలిసింది 2014 మే నెలలో. ఎన్నికల ఫలితాల తర్వాత, పదవి వీడుతున్న ప్రధానమంత్రి కార్యాలయం తన ట్విటర్ ఖాతా @PMOIndia పేరును @PMOIndiaArchive గా మార్చింది. దాంతో పన్నెండు లక్షలకు పైగా ఉన్న అనుచరులు ఖాతాతో పాటు కొత్త పేరు కిందికి వెళ్లిపోగా, అసలు పేరు ఖాతా నుంచి విడిపోయింది. అనుచరులు ఎవరికి చెందాలన్న దాని మీదే అప్పట్లో ఎక్కువ వివాదం నడిచింది కానీ, దేశ ప్రధాని కార్యాలయం పేరు ఖాతా నుంచి విడివడగలదన్న విషయమే అంతకన్నా ఆందోళన కలిగించవలసింది. చివరికి ఆ పేరు కొత్త ప్రభుత్వానికే దక్కింది. అయితే అది ఒక పెద్ద కార్యాలయం వ్యవహారం కాబట్టి అలా కుదిరింది తప్ప, నిబంధన వల్ల కాదు.

పదేళ్ల తర్వాత, 2024 మే నెలలో, తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ పేరులో టీఎస్ అన్న అక్షరాలు టీజీగా మారినప్పుడు, సంస్థ ఎక్స్ ఖాతా కూడా @TGSRTCHQ అయింది. ప్రయాణికులు బస్సుల గురించి ఫిర్యాదులు రాసుకున్న పాత పోస్టుల్లో మాత్రం పాత పేరే మిగిలి ఉంటుంది. ఎక్స్‌లో ఖాతాదారు పేరు మార్చుకున్న వెంటనే పాత పేరు ఖాళీ అవుతుంది కనుక, ఇటువంటి మార్పు చేసే ఏ కార్యాలయమైనా అదే గడియలో మరో ఖాతా తెరిచి పాత పేరును తన అధీనంలోనే ఉంచుకోవాలి. ఈ జాగ్రత్తను అధికారుల జ్ఞాపకశక్తికి వదలకుండా ప్రభుత్వ శాఖలన్నింటికీ లిఖిత ఆదేశంగా పంపడం మంత్రిత్వ శాఖకు కష్టమైన పని కాదు.

సామాన్యుడి విషయంలో ఈ మాత్రం రక్షణ కూడా లేదు. తిరుపతి రోడ్డు, చిత్తూరు–కర్నూలు జాతీయ రహదారి కలిసే పూతలపట్టులో ఒక మామిడి వ్యాపారి ఉన్నాడనీ, తోతాపురి కాయల కోసం బయటి ఊళ్ల కొనుగోలుదారులు ఎక్స్‌లో అతని పేరు చూసి సంప్రదిస్తారనీ, సీజన్ ముగిశాక అతడు ఖాతా మూసేశాడనీ అనుకుందాం. మనసు మార్చుకుని తిరిగి రావడానికి ఆ సంస్థ ఇచ్చే గడువు 30 రోజులు. ఆ గడువు దాటితే పేరుకూ అతనికీ సంబంధం తెగిపోతుంది. తర్వాత ఎవరో ఆ పేరు తీసుకుని, పాత ఫొటో పెట్టి, వచ్చే సీజన్ ముందు యూపీఐ ద్వారా అడ్వాన్సులు వసూలు చేస్తే, డబ్బు పోగొట్టుకునేది కొనుగోలుదారులు, మాట పోగొట్టుకునేది వ్యాపారి. ఖాతాలో చేరిన నెల చూస్తే మోసం తెలుస్తుందని కొందరు చెబుతారు. కొత్తగా తెరిచిన ఖాతా అయితే అది నిజమే. కానీ ఎప్పుడో తెరిచిన ఖాతాకు ఈ పేరు పెట్టుకుంటే చేరిన తేదీ పాతదే కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు.

చట్టం లేదని చెప్పడం సరికాదు. సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద, కంప్యూటర్ సాయంతో మరొకరిగా నటించి మోసగిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. డబ్బు పోయినవారు 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయవచ్చు. అయితే ఇవన్నీ మోసం జరిగాక అక్కరకు వచ్చేవి. ఖాళీ అయిన పేరును తీసుకోవడం మాత్రమే నేరం కాదు. కొత్త వ్యక్తి నటించడం మొదలుపెట్టేదాకా ఫిర్యాదుకు ఆధారమే ఉండదు. పైగా పేరు ఒకప్పుడు తనదేనని వ్యాపారి నిరూపించుకోవలసి వస్తుంది, దానికి సాక్ష్యమైన ఖాతాను అతడే తుడిచేసి ఉంటాడు.

పేరు పోకుండా ఉండాలంటే ఖాతా మూయకుండా ఖాళీగా ఉంచుకోవాలన్నది ఇప్పుడు ఆచరణలో ఉన్న సలహా. దానికీ పరిమితి ఉంది, ఎందుకంటే వాడని ఖాతాలను తొలగించే అధికారాన్ని ఎక్స్ అట్టిపెట్టుకుంది, కనీసం 30 రోజులకు ఒకసారి లాగిన్ కావాలని చెబుతోంది. వెళ్లిపోదలచిన మనిషి తన పేరుకు కాపలాగా అక్కడే ఉండవలసి రావడం అన్యాయం.

పేరు ఆపి ఉంచడం అసాధ్యమని ఏ సంస్థా అనలేదు. తొలగించిన జీమెయిల్ చిరునామాను గూగుల్ మరెవరికీ ఇవ్వదు. దీనికి భిన్నంగా 2013లో యాహూ, ఏడాదికి పైగా వాడని చిరునామాలను కొత్తవారికి కేటాయించినప్పుడు, పాత యజమానులకు రావలసిన ఉత్తరాలు కొందరు కొత్తవారి పెట్టెల్లో పడ్డాయి. మన దేశంలో రద్దయిన మొబైల్ నంబరును సైతం 90 రోజుల దాకా మరొకరికి కేటాయించరు. నంబర్లు లెక్కకు మించి లేవు కాబట్టి వాటిని తిరిగి వాడక తప్పదు. అక్షరాలతో అల్లుకునే పేర్లకు అటువంటి కరువు లేదు కనుక, మొబైల్ నంబరుకు దక్కిన వ్యవధి కన్నా హ్యాండిల్‌కు తక్కువ దక్కడానికి కారణం కనిపించదు.

అందువల్ల, నమోదు వివరాలకు వర్తించే 180 రోజుల నియమాన్నే హ్యాండిల్‌కు కూడా వర్తింపజేయాలనీ, ఖాతా మూసినా, పేరు మార్చుకున్నా ఆ గడువు లోపల పాత పేరును పాత యజమానికి తప్ప ఎవరికీ ఇవ్వకూడదనీ, ప్రభుత్వ కార్యాలయాల పేర్లను ఎన్నటికీ విడుదల చేయకూడదనీ నిబంధనలను సవరించవలసిందిగా మంత్రిత్వ శాఖకు విజ్ఞప్తి. ఈలోగా పాఠకులు ఏ పాత హ్యాండిల్‌కైనా డబ్బు పంపే ముందు, ఆ మనిషికి తమకు తెలిసిన ఫోన్ నంబరులో ఒకసారి మాట్లాడి నిర్ధారించుకోవాలి.

పూతలపట్టు, చిత్తూరు జిల్లా