మూడు నెలల ఖర్చు చాలట!

మా టీములో ఒక కుర్రాడున్నాడు. భార్యాభర్తలిద్దరివీ ఉద్యోగాలు, వాళ్ళ నాన్నగారికి పెన్షను. మొన్న కాఫీ తాగుతూ "ఎమర్జెన్సీ ఫండంటే మూడు నెలల ఖర్చు చాలు గురూ, అంతకంటే ఎక్కువ బ్యాంకులో మగ్గబెట్టడం దండగ" అని తేల్చేశాడు. అతని వరకు నిజమే. ఒక్క జీతం మీద ఇటు పెళ్ళాం పిల్లలు, అటు ఊళ్ళో అమ్మానాన్న బతికే నాబోటి వాళ్ళకీ అదే లెక్క చెబితేనే ఒళ్ళు మండుతుంది.

2023లో నా ఉద్యోగం పోయింది. ఆఖరి పనిరోజుతోనే కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోయింది. అమ్మానాన్న అందులోనే ఉన్నారు. మూడో వారంలో నాన్నకి గుండెనొప్పి. స్టెంటు ఖర్చు 2,80,000. మా ఆవిడ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి కట్టాం.

జీతం ఆగడం, ఆస్పత్రి బిల్లు రావడం రెండూ వేరువేరు ప్రమాదాలనుకుంటాం. కంపెనీ బీమా మీద ఆధారపడ్డ ఇంట్లో మొదటిది జరిగిన రోజే రెండోదానికి గొడుగు పోతుంది. అప్పుడు కొత్త పాలసీ కొనుక్కోవచ్చుగా అంటారు. పాత జబ్బులకి బీమా కంపెనీ 36 నెలల దాకా వెయిటింగు పెట్టచ్చు (2024కి ముందైతే 48). అరవై దాటాక బీపీ, సుగరు లేని నాన్న ఎంతమందికున్నారు చెప్పండి? అందుకే ఆ పాలసీ ఉద్యోగం ఉండగానే విడిగా కొనాలి, వెయిటింగు గడిచేదాకా ఆ డబ్బు మనమే పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు నా లెక్క. ఇంటి ఈఎంఐ 38,000. ఇల్లు గడవడానికి 28,000. పిల్లాడి ఫీజు నెలకి పంచితే 10,000. అమ్మానాన్నకి పంపేది 14,000, వాళ్ళ మందులు 5,000. మొత్తం 95,000. ఇందులో సినిమాలు, సిప్పులు లేవు, ఉద్యోగం పోతే అవి ముందు ఆపేస్తాం. ఈఎంఐ, మందులు ఆగవు. పోయినసారి నాకు ఉద్యోగం దొరకడానికి ఐదు నెలలు పట్టింది, కాబట్టి ఆరు వేసుకున్నా: 5,70,000. నాన్న కోసం విడిగా 3,00,000. పాలసీ ఆగిపోకుండా ఒక ఏడాది ప్రీమియం 60,000. వెరసి 9,30,000. మూడు నెలల సూత్రం ప్రకారమైతే 2,85,000 చాలు, అంటే ఒక్క స్టెంటుతో సరి!

వెయిటింగు అయిపోయాక ఆ 3,00,000 తగ్గిస్తాను. సున్నా చెయ్యను, కో-పే ఉంటే బిల్లులో కొంత మనమే కట్టాలి కదా.

ఇంకోటి. ఆ డబ్బంతా నా ఒక్కడి పేరునే ఉండేది. నేనే ఐసీయూలో పడితే? సంపాదించేదీ నేనే, పాస్‌వర్డు తెలిసిందీ నేనే. ఇప్పుడు ఫిక్సెడ్ డిపాజిట్లు జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చాను. పోయిన ఆదివారం మా ఆవిడ చేతే ఒక చిన్న డిపాజిట్ బ్రేక్ చేయించి చూశాను. మూడోసారికి ఓటీపీ వచ్చింది. అదీ నా ఫోనుకి!