నూరు గ్రాముల వరస

మా పెద్దక్కకు ఆర్నెల్ల కిందట షుగర్ బయటపడింది. పూటపూటకూ ఎంత పిండిపదార్థం తింటున్నదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకు రమ్మని డైటీషియన్ చెప్పింది. చిన్న త్రాసు కొనుక్కుంది. పోషక విలువల పట్టిక ఒకటి సంపాదించింది. మొదటి రోజు మధ్యాహ్నమే ఫోన్ చేసింది. "ఒరేయ్, నేను తిన్న అన్నంలోనే నూట ఎనభై ఎనిమిది గ్రాముల పిండిపదార్థం ఉందట్రా. ఇక నేను గాలి పీల్చుకుని బతకాలేమో!"

గుణకారం తప్పు చేసిందేమోనని అడిగాను. చేయలేదు. కంచంలో అన్నం 240 గ్రాములు. పట్టికలో బియ్యం ఎదురుగా పిండిపదార్థం 78.24. దాన్ని నూరుతో భాగించి 240తో హెచ్చవేస్తే 188 వస్తుంది. గుణకారంలో పొరపాటు లేదు. తప్పల్లా ఆమె చదివిన వరసలో ఉంది.

ఆ పట్టిక మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థది. తార్నాకలో ఉన్న ఆ సంస్థ దేశం నలుమూలల నుంచీ నమూనాలు తెప్పించి, పరీక్షించి, 2017లో 528 ఆహార పదార్థాల వివరాలు అచ్చువేసింది. అంతకుముందు ఇళ్లలోనూ కాలేజీల్లోనూ కనిపించే పాత పుస్తకం కూడా ఆ సంస్థదే. రెండింటిలోనూ పద్ధతి ఒక్కటే: ఏ పదార్థమైనా నూరు గ్రాములకు ఎంత అన్నది రాస్తారు. ఒకరు పిడికెడు తింటారు, ఒకరు కంచం నిండా తింటారు. ఎవరి పాళ్ల ప్రకారం రాయాలి? అందుకని అందరికీ ఒకే కొలత పెట్టి, మిగతా లెక్క తినేవాళ్లకు వదిలేశారు.

ఆ మిగతా లెక్క బళ్లో నేర్చుకున్న త్రైరాశికమే. నూటికి ఇంతైతే నా పాలికి ఎంత? పావులూరి మల్లన తెలుగులో గణితం చెప్పిన నాటికే ఇది పాత లెక్క. పట్టికలోని అంకెను ముందు నూరుతో భాగించాలి. అంటే దశాంశ బిందువును ఎడమకు రెండు స్థానాలు జరపాలి. 78.24 కాస్తా 0.78 అవుతుంది. ఒక్క గ్రాము బియ్యంలో ఉన్న పిండిపదార్థం అదీ. దాన్ని మనం తిన్న గ్రాములతో హెచ్చవేస్తే అయిపోయింది. రాసుకోవాలంటే ఇలా:

```
పట్టిక విలువ ÷ 100 × తిన్న గ్రాములు
```

కొత్తవాళ్లు ఒక్కోసారి నూరుతో భాగించడం మరిచిపోతారు. అది పెద్ద ప్రమాదం కాదు. కంచెడు అన్నంలో పద్దెనిమిది వేల గ్రాముల పిండిపదార్థమని వస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, వెంటనే దిద్దుకుంటారు. అక్క చేసిన తప్పు అలా నవ్వించదు. 188 అన్నది నిజమై ఉండగల అంకెలా కనిపిస్తుంది. అందుకే అది పట్టుబడదు.

ఆమె చదివినది బియ్యం వరస, తూచినది అన్నం. బియ్యం ఉడికేటప్పుడు నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లకు బరువుంది గాని పిండిపదార్థం లేదు, శక్తీ లేదు. నూరు గ్రాముల బియ్యంలో తేమ పదోవంతు మాత్రమే. అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే. పట్టికలోని నూరు గ్రాములు ఏ నూరు గ్రాములన్నది చూడకపోతే, తిన్న నీళ్లను కూడా బియ్యంగా జమకట్టేస్తాం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో ఎక్కువ భాగం పచ్చి పదార్థాలే కాబట్టి, మన వంటింట్లో ఈ చిక్కు రోజూ ఎదురవుతుంది.

దీనికి మందు కంచం దగ్గర కాదు, పొయ్యి దగ్గర దొరుకుతుంది. మర్నాడు అక్క చేత ఇలా చేయించాను. వండబోయే ముందు ఖాళీ గిన్నెను తూచమన్నాను. 412 గ్రాములు. బియ్యం కడగకముందే తూచమన్నాను, 250 గ్రాములు. కడిగాక తూస్తే తడి కూడా తూగుతుంది. అన్నం ఉడికి, ఆవిరి తగ్గాక గిన్నెతో సహా తూస్తే 1112. అందులోంచి గిన్నె బరువు తీసేస్తే అన్నం 700 గ్రాములు. అంటే 250 గ్రాముల బియ్యం 700 గ్రాముల అన్నంగా మారింది.

ఇప్పుడు మళ్లీ త్రైరాశికం. 700 గ్రాముల అన్నంలో 250 గ్రాముల బియ్యం ఉంటే, అక్క కంచంలోని 240 గ్రాముల అన్నంలో ఎంత బియ్యం ఉన్నట్టు? 240ని 250తో హెచ్చవేసి 700తో భాగిస్తే 86 దగ్గరికి వస్తుంది. ఆమె తిన్నది 86 గ్రాముల బియ్యం. పట్టికలోని బియ్యం వరస చదవాల్సింది ఈ 86కి. 0.78ని 86తో హెచ్చవేస్తే 67. నిన్నటి 188 ఎక్కడ, ఇవాళ్టి 67 ఎక్కడ!

"మరి నాకెందుకు నమ్మకం కుదరడం లేదు?" అంది అక్క. సందేహించడం మంచిదే. సరిచూసుకునే దారి కూడా ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఉడికించిన తెల్లన్నానికి విడిగా ఒక వరస ఉంది. నూరు గ్రాములకు పిండిపదార్థం 28 గ్రాములని అందులో ఉంటుంది. 0.28ని 240తో హెచ్చవేస్తే మళ్లీ 67. రెండు దారుల్లో నడిచినా ఒక్క ఊరికే చేరాం. అయితే ఎప్పుడూ ఇంత చక్కగా కలవదు. ఆ 28 ఎవరో ఒకరు ఒక పాళ్లలో నీళ్లు పోసి వండిన అన్నానిది. పళ్లు లేని పెద్దవాళ్ల కోసం మెత్తగా వండితే అదే 250 గ్రాముల బియ్యం 800 గ్రాములు కావచ్చు. అప్పుడు 240 గ్రాముల్లో ఉండే బియ్యం 75 గ్రాములే, పిండిపదార్థం 59 దాటదు. అందుకే మన గిన్నెను మనం తూచుకోవడం మేలు. బియ్యమూ గిన్నే నీళ్లూ మారనంత కాలం ఒకసారి తూచిన నిష్పత్తి కొన్నాళ్లు పనికొస్తుంది. గంజి వార్చే ఇళ్లలో మాత్రం కొంత పిండి గంజితో బయటికి పోతుంది. అది ఈ లెక్కకు అందదు. అక్కడ వచ్చిన అంకెను కాస్త ఎక్కువ చెబుతున్నదిగా తీసుకోవాలి.

పప్పు దగ్గరకొస్తే అక్క భయపడింది. అందులో టమాటా ఉంది, నీళ్లున్నాయి, పోపు ఉంది. నిజానికి అన్నం కంటే ఇదే సులువు. గిన్నె మొత్తాన్ని ఒక లెక్కగా కట్టి, మన గరిటెలోకి వచ్చిన వాటా తీసుకుంటే చాలు. ఆ రోజు కుక్కర్‌లో వేసిన కందిపప్పు 150 గ్రాములు. పట్టికలో కందిపప్పు ప్రొటీన్ నూటికి 21.7 గ్రాములు. 150కి 32.5. వండిన పప్పంతా కలిపి 600 గ్రాములు తూగింది. అక్క వేసుకున్నది 120, అంటే సరిగ్గా అయిదో వంతు. ప్రొటీన్‌లో అయిదో వంతు 6.5 గ్రాములు. పోపులో పది గ్రాముల నూనె పడితే అందులోనూ ఆమెది అయిదో వంతే, రెండు గ్రాములు. టమాటాకూ ఇదే సూత్రం. వండిన పప్పు బరువుకు కందిపప్పు వరస పెట్టి ఉంటే 26 గ్రాముల ప్రొటీన్ వచ్చేది. షుగర్ విషయంలో ఎక్కువ లెక్క వస్తే మనిషి బెంబేలెత్తిపోతాడు. ప్రొటీన్ విషయంలో ఎక్కువ లెక్క వస్తే ఊరికే సంతోషపడి, తినాల్సిన దాంట్లో కోత పెట్టుకుంటాడు. రెండోదే నాకు ఎక్కువ బెంగ.

పట్టికలో మరో చిన్న మాట ఉంటుంది, తినదగిన భాగానికి అని. అరటిపండు ఎదురుగా ఉన్న అంకె తొక్క తీసిన పండుకు. ఎముకతో తూచిన కోడి ముక్కకో, ముల్లుతో తూచిన చేపకో ఆ అంకె పెట్టకూడదు. తిన్నాక తొక్కనీ ఎముకలనీ తూచి, మొదటి బరువులోంచి తీసేస్తే సరి. కంచం పక్కన ఎముకలు తూచుతుంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

శక్తి అంకె చూసి ఆ సాయంత్రం అక్క మరోసారి ఉలిక్కిపడింది. బియ్యం ఎదురుగా 1491 అని ఉంది. కొత్త పట్టికలో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. మనం మాటల్లో కేలరీలనేవి కిలోకేలరీలు. 1491ని 4.184తో భాగిస్తే 356. ఆ 356ను నూరుతో భాగించి 86తో హెచ్చవేస్తే 306 కిలోకేలరీలు. హెచ్చవేసే ముందు అంకె నెత్తిన ఏ కొలత రాసి ఉందో ఒకసారి చూసుకుంటే చాలు.

మా అమ్మ బియ్యాన్ని గిద్దతో, సోలతో కొలిచేది. ఆ కొలతలు గిన్నెలో పట్టే చోటును చెబుతాయి. బరువును చెప్పవు. సోలెడు బియ్యం, సోలెడు అటుకులు ఒకే బరువు తూగవు. ఇప్పటి కప్పులకూ గరిటెలకూ ఉన్న బలహీనత అదే. పట్టిక గ్రాముల్లో మాట్లాడుతున్నప్పుడు మనమూ గ్రాముల్లోనే బదులివ్వాలి. ఒక్కసారి తూచి మా సోల ఎన్ని గ్రాములో రాసి పెట్టుకుంటే, తర్వాత సోలతో కొలిచినా ఫరవాలేదు.

ఇంత చేసినా వచ్చేది ఖచ్చితమైన అంకె కాదు. పట్టికలో ప్రతి సగటు పక్కనా ± గుర్తుతో ఒక తేడా రాసి ఉంటుంది. వేర్వేరు చోట్ల తెచ్చిన బియ్యం ఒక్కలా లేవని దాని అర్థం. అక్క మొదట్లో నోట్‌బుక్‌లో 67.29 అని రాసేది. ఆ చివరి రెండంకెలు కాలిక్యులేటర్ ఇచ్చినవే గాని బియ్యం ఇచ్చినవి కావు. 67 అని రాయమన్నాను. "పోనీ డెబ్బైకి కాస్త తక్కువ అని రాయనా?" అంది. అదింకా నిజం.

అన్నం వండే ఆ గిన్నె మా అమ్మది. పక్కన ఆమె పేరు చెక్కి ఉంటుంది. దాని కింద అక్క మార్కర్‌తో 412 అని రాసింది. తోమినప్పుడల్లా అది చెరిగిపోతోందని, గిన్నెల కొట్టుకు తీసుకెళ్లి దాన్నీ చెక్కించుకొచ్చింది.