పెట్టె నలిగింది, కేబుల్ రాలేదు: ఈ రెండూ ఒకే కంప్లైంట్ కాదు

మా రూమ్‌లో నలుగురం డబ్బులు వేసుకుని ఆన్‌లైన్‌లో ఒక గేమింగ్ కన్సోల్ కొన్నాం. పార్సిల్ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చినప్పుడు తీసుకున్నది నేనే. అట్టపెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. టేపు మీద ఇంకో రకం టేపు అంటించి ఉంది. "అన్నా, ఇదేంది ఇట్ట నలిగిపోయినాది?" అని అడిగితే, "లోపల ఇంకో పెట్టె ఉంటాది లే తమ్ముడూ, ఓటీపీ చెప్పు, ఇంకా శానా పార్సిళ్లు ఉండాయి" అన్నాడు. చెప్పేశాను. రూమ్‌కి తెచ్చి తెరిస్తే కన్సోల్ ఉంది, కంట్రోలర్ ఉంది. పవర్ కేబుల్ లేదు, హెచ్‌డీఎంఐ కేబుల్ లేదు.

దీని మీద మేం రెండుసార్లు కంప్లైంట్ చేశాం. మొదటిది ఫెయిల్, రెండోది పాస్. మధ్యలో కంపెనీ మారలేదు, రూల్స్ మారలేదు. మారింది మేం రాసిన పద్ధతి ఒక్కటే. తప్పు సగం మాదే అని నేను ఒప్పుకుంటున్నాను, మీలో చాలామంది కూడా ఇదే తప్పు చేస్తారని నా అనుమానం.

మొదటిసారి చాట్‌లో రాశాం. ప్యాకింగ్ వరస్ట్‌గా ఉందని, ఇదేం సర్వీస్ అని, వెంటనే యాక్షన్ తీసుకోమని నాలుగు లైన్లు కొట్టాం. కేబుళ్ల సంగతి చివరి లైన్‌లో వచ్చింది. బయటి ప్యాకింగ్ దెబ్బతిన్నా వస్తువు బాగుంటే రిటర్న్ కుదరదని జవాబిచ్చి, చాట్ క్లోజ్ చేసేశారు. అప్పుడు చాలా కోపం వచ్చింది. కానీ తర్వాత చదువుకుంటే, మేం అడిగినదానికి వాళ్ల జవాబు సరిపోయింది. మేం పెట్టె గురించి అడిగాం, వాళ్లు పెట్టె గురించి చెప్పారు.

మనం డబ్బు పెట్టి కొన్నది పెట్టెని కాదు. నలిగిన పెట్టె నష్టం కాదు, సాక్ష్యం. నష్టం కేబుళ్లు. కన్సోల్ అమ్మే పేజీలో పెట్టెలో ఏమేం వస్తాయో ఒక లిస్ట్ ఉంటుంది. అందులో ఆ రెండు కేబుళ్లూ ఉన్నాయి. చూపించింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అన్నమాట. మన కంప్లైంట్ నిలబడేది ఆ లిస్ట్ మీద. అందుకే ముందు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, ఎందుకంటే అమ్మేవాడు దాన్ని ఎప్పుడైనా మార్చొచ్చు. తర్వాత లోపలి అట్ట ట్రేలో కేబుళ్లు ఉండాల్సిన ఖాళీ గుంత, రెండు రకాల టేపు, నలిగిన మూల, అడ్రస్ లేబుల్ ఫొటోలు తీయాలి. పెట్టెని పారేయకూడదు.

మేం ఇంకో తెలివి కూడా చేశాం. లేబుల్ మీద బరువు రాసుంటుంది కదా, తూకం వేస్తే కేబుళ్లు లేవని తేలిపోతుందని పెట్టెని అంగడికి మోసుకెళ్లాం. ఉపయోగం లేదు. రెండు కేబుళ్లూ కలిపి ఎన్నో గ్రాములు ఉండవు. పైగా లేబుల్ మీద బరువు చాలాసార్లు అమ్మేవాడు రాసిచ్చిందే, తూచింది కాదు. ఆ తేడా చూపించి ఏదీ నిరూపించలేం.

అసలు గొడవ మా రూమ్‌లోనే జరిగింది. "కన్సోల్ కూడా ఆన్ కాలేదని రాసేద్దాం రా, డబ్బులన్నీ ఒకేసారి వెనక్కొస్తాయి" అన్నాడు మావాడు ఒకడు. ఇంకొకడు "అంత దూరం ఎందుకప్పా, గాంధీ రోడ్డులో కేబుళ్లు కొనుక్కుంటే పోలా" అన్నాడు. ఓటీపీ చెప్పింది నేను కాబట్టి, మొదటివాడి మాట వినాలని నాకూ అనిపించింది. కానీ కేబుల్ లేకుండా మేం దాన్ని ఆన్ చేసిందే లేదు. తీసుకెళ్లి చూసినవాళ్లకి అది ఆన్ అయితే, కేబుళ్లు రాలేదన్న నిజం కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. రెండోవాడి సలహాలోనూ చిక్కుంది. సెకనుకి 48 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌కీ, అంగట్లో దొరికే మామూలు దానికీ చూపుకి తేడా తెలీదు. మా హాస్టల్ టీవీ మీద ఆ తేడా కనిపించదు, నిజమే. కానీ మేం కట్టిన డబ్బులో దాని ధర కూడా ఉంది.

చివరికి మేం పంపింది ఇంగ్లీష్‌లో. తెలుగులో ఇది:

"గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
విషయం: కన్సోల్ ఆర్డర్‌లో రెండు కేబుళ్లు రాలేదు.
ఆర్డర్ నంబర్, డెలివరీ తేదీ పైన ఇచ్చాం. మీ పేజీలోని లిస్ట్ ప్రకారం పెట్టెలో పవర్ కేబుల్, హెచ్‌డీఎంఐ కేబుల్ ఉండాలి. రెండూ లేవు. అట్టపెట్టె మూల నలిగి ఉంది, దాని మీద రెండు రకాల టేపులు ఉన్నాయి. ఫొటోలు జతచేశాం. పవర్ కేబుల్ లేనందున కన్సోల్ పనిచేస్తుందో లేదో చూడలేదు.
కంపెనీ కేబుళ్లు రెండూ పంపండి. కుదరకపోతే మొత్తం సెట్ మార్చండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. చాట్‌లో చేసిన ఫిర్యాదుకి ప్యాకింగ్ గురించి మాత్రమే జవాబు వచ్చింది. ఈ ఫిర్యాదుకి టికెట్ నంబర్ ఇవ్వగలరు."

ఇందులో కోపం లేదు. తెలియనిది తెలియదనే ఉంది. మనం రాసే బగ్ రిపోర్ట్ లాంటిదే ఇది: ఏం రావాలి, ఏం వచ్చింది, ఆధారం ఏంటి.

ఇది చాట్‌లో కాకుండా గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపడానికి కారణం ఉంది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకం కంపెనీ ఇలాంటి ఆఫీసర్‌ని పెట్టి, పేరూ కాంటాక్టూ తన సైట్‌లో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే, వెనక్కి తీసుకోననో డబ్బు ఇవ్వననో అమ్మేవాడు అనకూడదు. గమనించండి, విడిగా కేబుళ్లు పంపి తీరాలని అందులో ఎక్కడా లేదు. అందుకే లెటర్‌లో "కుదరకపోతే" అన్న మాట పెట్టాం.

అక్కడా తేలకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. ఆ తర్వాత మెట్టు వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండేచోటే కేసు వేయొచ్చు. మనకైతే తిరుపతిలోనే కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. మాకు అంత దూరం పోయే పని పడలేదు. మరుసటి రోజే టికెట్ నంబర్ వచ్చింది. విడి కేబుళ్లు లేవన్నారు, పాత సెట్ తీసుకుని కొత్త సెట్ పంపారు.

ఈసారి గేటు దగ్గరికి నలుగురం పోయినాం. ఓటీపీ చెప్పకముందే పెట్టెని నాలుగు వైపులా తిప్పి వీడియో తీశాం. చెబితే నమ్మరు, ఆ పెట్టెకీ ఒక మూల నలిగే ఉంది. రూమ్‌కి తెచ్చి లిస్ట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీశాం. అన్నీ ఉన్నాయి. పెట్టె గురించి ఎవరికీ ఏమీ రాయలేదు.